ఏటీపీ లేకపోతే కండరం ఎందుకు బిగుసుకుంటుంది, కాల్షియం ఏ మెట్టును ఆపుతుంది?

*"ఏటీపీ విరిగితేనే కండరానికి శక్తి వస్తుందంటారు. మరి ఏటీపీ అయిపోతే కండరం వదులైపోవాలి కదా, బిగుసుకుపోతుందేంటి? కాల్షియం ఈ చక్రంలో సరిగ్గా ఏ మెట్టు దగ్గర అడ్డుపడుతుంది? మా ల్యాబ్‌లో కుందేలు సోయాస్ నుంచి తీసిన స్కిన్డ్ ఫైబర్ల కట్టను రైగర్ ద్రావణంలోంచి రిలాక్సింగ్ ద్రావణంలోకి మార్చాం. బిగువు సగం దిగి అక్కడే ఆగిపోయింది. ఏటీపీ 5 మిల్లీమోలార్ ఉంది, కాల్షియం అసలు వేయలేదు. లోపం ఎక్కడ?"*

నా అనుమానం ముందు మీ కట్ట మధ్యభాగం మీద. బయట ద్రావణంలో 5 మిల్లీమోలార్ ఉన్నంత మాత్రాన లోపల అంత ఉన్నట్టు కాదు. ఏటీపీ బాగా తగ్గిన చోట కాల్షియం లేకపోయినా, కండరాన్ని వదులుగా ఉంచే ట్రోపోనిన్ తాళం నిలవదు. మీ మూడు ప్రశ్నలకూ మూలం ఇక్కడే ఉంది. ఒక్క మయోసిన్ తలను పట్టుకుని చక్రమంతా తిరిగివస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.

తలను యాక్టిన్‌కు గట్టిగా అతుక్కుని ఉన్న స్థితిలో తీసుకుందాం. దాని గూటిలో ఏటీపీ లేదు, ఏడీపీ లేదు, ఖాళీ. దీన్నే రైగర్ స్థితి అంటాం. ఇప్పుడు ఏటీపీ వచ్చి ఆ గూటిలో కూర్చుంటుంది. అది కూర్చోగానే తలలో యాక్టిన్‌ను పట్టుకునే వైపున్న చీలిక తెరుచుకుని పట్టు సడలుతుంది, తల ఊడిపోతుంది. ఏటీపీ ఇంకా విరగలేదన్నది ఇక్కడ గమనించాలి. ఊడటానికి అది గూటిలో చేరితే చాలు. వేగంగా ముడుచుకునే కండరంలో ఈ చేరిక ఎంత చురుగ్గా జరుగుతుందంటే, కణంలో ఉండే 5 మిల్లీమోలార్ల దగ్గర తల ఖాళీగా ఉండే సమయం మిల్లీసెకనుకు మించదు. అందుకే బతికున్న కండరంలో రైగర్ స్థితి కనిపించదు. అంతమాత్రాన అది రోగస్థితేమీ కాదు. ప్రతి చక్రంలో ప్రతి తలా దాని మీదుగానే పోతుంది. ఏటీపీ లేకపోతే చక్రం అక్కడ ఆగిపోతుంది, అంతే.

ఊడిన తల మీద ఏటీపీ విరుగుతుంది, సెకనుకు సుమారు వంద సార్ల వేగంతో. ఊడటం ముందు, విరగడం తర్వాత అన్న ఈ వరసను లిమ్, టేలర్ 1971లో వేగాల కొలతలతో నిరూపించారు. విరిగేటప్పుడు తల లివర్ భుజం వెనక్కి మడుచుకుని, దెబ్బకు సిద్ధమైన భంగిమలోకి వస్తుంది. చాలామంది శక్తి విడుదలయ్యేది ఈ క్షణంలోనే అనుకుంటారు. అది సరికాదు. తల గూటిలో ఈ చర్య అటూ ఇటూ నడుస్తూనే ఉంటుంది. విరిగిన ఏడీపీ, ఫాస్ఫేట్ లోపలే ఉండి మళ్లీ కలిసి ఏటీపీ కాగలవు. శక్తి ఎక్కువగా దిగేది ఫాస్ఫేట్ బయటికి పోయేటప్పుడు, దాంతో పాటు తల యాక్టిన్‌ను గట్టిగా పట్టుకునేటప్పుడు.

ఆ ఫాస్ఫేట్ తనంతట తాను పోదు. యాక్టిన్ తగలకపోతే ఒక తల నుంచి ఫాస్ఫేట్ పోవడానికి సగటున ఇరవై సెకన్ల దాకా పడుతుంది. యాక్టిన్‌తో సరిగ్గా జత కూడితే ఆ వేగం వందల రెట్లు పెరుగుతుంది. ఫాస్ఫేట్ పోవడం, పట్టు బిగియడం, లివర్ భుజం ఊగడం ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి జరుగుతాయి. ఆ ఊపుతో యాక్టిన్ తంతువు సుమారు 5 నుంచి 10 నానోమీటర్లు జరుగుతుంది. తర్వాత ఏడీపీ పోతుంది, తల మళ్లీ ఖాళీ అవుతుంది. చక్రమంతా ఒక వరసలో రాస్తే ఇలా ఉంటుంది:

```
AM + ATP → A + M·ATP → M·ADP·Pi → AM·ADP·Pi → AM·ADP → AM
```

ఇందులో A యాక్టిన్, M మయోసిన్ తల. కండరం విశ్రాంతిలో ఉన్నప్పుడు తలల్లో అత్యధికం M·ADP·Pi దగ్గరే కాచుకుని ఉంటాయి. అంటే విశ్రాంతి కండరంలో ఏటీపీ ముందే విరిగి సిద్ధంగా ఉంది, ఫాస్ఫేట్ తలుపు మాత్రం మూసి ఉంది. ఏటీపీ లేని కండరంలో తలలన్నీ చివరి AM దగ్గర ఇరుక్కుంటాయి. వదులుగా ఉన్న కండరానికీ రైగర్ కండరానికీ తేడా ఇదే. రెండింట్లోనూ చక్రం ఆగినట్టే కనిపిస్తుంది కానీ, ఆగిన మెట్లు వేరు.

శవంలో కండరం బిగుసుకోవడం కూడా ఈ లెక్కే. మొదట క్రియాటిన్ ఫాస్ఫేట్, ఆ తర్వాత గ్లైకోజెన్ ఏటీపీని కొంతసేపు నిలబెడతాయి. అవి అడుగంటాక ఏటీపీ పడిపోతుంది, ఊడదీసేది లేక తలలు అతుక్కుపోతాయి. కొన్నాళ్లకు బిగువు తగ్గేది మాత్రం తలలు వదిలినందువల్ల కాదు. ఎంజైములు సార్కోమియర్ కట్టడాన్నే తెగ్గొడతాయి.

ఇక కాల్షియం. ఎబాషి 1960లలో వెలికితీసిన ట్రోపోనిన్ మయోసిన్ మీద ఉండదు, యాక్టిన్ తంతువు మీద ఉంటుంది. ఏడు యాక్టిన్ అణువుల పొడవునా ఒక ట్రోపోమయోసిన్ పడుకుని ఉంటుంది, దానికొక ట్రోపోనిన్. ట్రోపోనిన్‌లో మూడు భాగాలు. ట్రోపోనిన్-టి ట్రోపోమయోసిన్‌కు కట్టేస్తుంది, ట్రోపోనిన్-ఐ యాక్టిన్‌ను పట్టుకుని ట్రోపోమయోసిన్‌ను అడ్డంగా నిలబెడుతుంది, ట్రోపోనిన్-సి కాల్షియాన్ని పట్టుకుంటుంది.

ట్రోపోనిన్-సి కి అస్థి కండరంలో నాలుగు కాల్షియం గూళ్లు ఉంటాయి. సి-చివర వైపున్న రెండు ఎప్పుడూ మెగ్నీషియంతోనో కాల్షియంతోనో నిండే ఉంటాయి. వాటి పని ట్రోపోనిన్‌ను తంతువుకు కట్టి ఉంచడమే. స్విచ్ పని చేసేవి ఎన్-చివర వైపున్న రెండూ. విశ్రాంతిలో కణంలోని స్వేచ్ఛా కాల్షియం 0.1 మైక్రోమోలార్ దగ్గర ఉంటుంది, అప్పుడు ఈ రెండూ ఖాళీ. ప్రేరణ వచ్చి అది కొన్ని మైక్రోమోలార్లకు ఎగబాకితే అవి నిండుతాయి. నిండగానే ఎన్-లోబ్ తెరుచుకుని నీటిని ఇష్టపడని ఒక గుంట బయటపడుతుంది. ట్రోపోనిన్-ఐ లోని స్విచ్ ముక్క వచ్చి ఆ గుంటలో కూర్చుంటుంది. దాంతో యాక్టిన్‌ను పట్టుకున్న భాగం పట్టు వదులుతుంది, ట్రోపోమయోసిన్ తంతువు మీద పక్కకు దొర్లుతుంది. గుండె కండరంలో ఆ రెండు స్విచ్ గూళ్లలో ఒకటి పనిచేయదు, ఒక్క కాల్షియంతోనే పని నడుస్తుంది.

ట్రోపోమయోసిన్ తల కూర్చునే చోటును మూసేస్తుంది, కాల్షియం వస్తే తెరుస్తుంది అని చాలా పుస్తకాలు ఇక్కడితో ముగిస్తాయి. నా దృష్టిలో అది సగం నిజమే. చలోవిచ్, చోక్, ఐసెన్‌బర్గ్ 1981లో చూపించింది ఏమిటంటే, లవణసాంద్రత తక్కువగా ఉన్న ద్రావణంలో కాల్షియం లేకపోయినా ఏటీపీ సమక్షంలో తలలు యాక్టిన్‌ను దాదాపు మామూలుగానే తాకుతాయి, కానీ ఏటీపీ విరగడం మాత్రం బాగా అణగిపోయి ఉంటుంది. అంటే తలలు సడలుగా తాకడాన్ని తాళం పూర్తిగా ఆపడం లేదు. సడలు పట్టు నుంచి గట్టి పట్టుకు మారడాన్ని, దానితో ముడిపడ్డ ఫాస్ఫేట్ నిష్క్రమణను అది ఆపుతోంది. కణంలో ఉండే లవణసాంద్రత దగ్గర తాకడం కూడా తగ్గుతుంది కాబట్టి రెండు ప్రభావాలూ ఉంటాయి. అయినా కాల్షియం ఏ మెట్టును ఆపుతుందన్న మీ ప్రశ్నకు ఒక్క మెట్టునే చెప్పాలంటే, AM·ADP·Pi నుంచి AM·ADP కి వెళ్లే మెట్టు అంటాను. ఏటీపీ చేరడం, తల ఊడటం, ఏటీపీ విరగడం వీటిలో దేనికీ కాల్షియంతో పనిలేదు.

మీ కట్ట దగ్గరికి రావాలంటే ఇంకొక్క సంగతి కావాలి. ట్రోపోమయోసిన్‌కు తెరుచుకున్న స్థానం, మూసుకున్న స్థానం అని రెండే ఉండవు. మెక్‌కిల్లప్, గీవ్స్ 1993లో ప్రతిపాదించిన నమూనాలో మూడు ఉంటాయి. కాల్షియం లేనప్పుడు పూర్తిగా అడ్డంగా ఉంటుంది. కాల్షియం చేరాక ఎక్కువగా మధ్యస్థానానికి వస్తుంది. చివరిదాకా తోసేది గట్టిగా పట్టుకున్న తల. ఒక తల గట్టిగా కూర్చుంటే పక్కనున్న యాక్టిన్లు కూడా మిగతా తలలకు తెరుచుకుంటాయి. కాల్షియం పెరిగేకొద్దీ బలం అంత నిటారుగా లేచేది ఈ సహకారం వల్లనే.

ఇదే సహకారం ఎదురు కూడా తిరుగుతుంది. రైగర్ తల కంటే గట్టి పట్టు ఇంకోటి లేదు. ఏటీపీ మైక్రోమోలార్లకు పడిపోతే కొన్ని తలలు రైగర్‌లో ఉంటాయి, కొన్నింటికి ఏటీపీ దొరుకుతుంది. రైగర్‌లో ఉన్నవి ట్రోపోమయోసిన్‌ను తోసేసి దారి తెరుస్తాయి, ఏటీపీ దొరికినవి ఆ దారిలో చక్రం తిప్పుతాయి. కాల్షియం లేకుండానే ఏటీపీ ఖర్చవుతుంది, బలం పుడుతుంది. బ్రెమెల్, వెబర్ 1972లో దీన్ని చూపించారు. ఏటీపీని మిల్లీమోలార్లకు పెంచితే రైగర్ తలలు మాయమై కాల్షియం అదుపు తిరిగి వస్తుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. స్తూపాకారంలో ఉన్న కట్టలోకి ఏటీపీ బయటి నుంచి వ్యాపనంతో వస్తుంది, లోపల ఖర్చవుతుంది. అంచుకూ మధ్యకూ మధ్య ఏటీపీ ఎంత పడిపోతుందో చెప్పే సూత్రం ఇది:

```
ΔC = R·a² / (4·D)
```

R ఖర్చయ్యే వేగం, a వ్యాసార్ధం, D వ్యాపన గుణకం. ఫైబర్ లోపల మయోసిన్ తలల సాంద్రత సుమారు 0.2 మిల్లీమోలార్. ల్యాబ్‌లో సాధారణంగా వాడే 10-15 డిగ్రీల దగ్గర, పొడవు మారకుండా లాగుతున్న తల సెకనుకు రెండు ఏటీపీలు విరుస్తుందనుకుందాం. అప్పుడు R సెకనుకు 0.4 మిల్లీమోలార్. ఫైబర్‌లో ఏటీపీ D ని సుమారు 100 చదరపు మైక్రోమీటర్లు/సెకను అని తీసుకుందాం.

35 మైక్రోమీటర్ల వ్యాసార్ధం ఉన్న ఒక్క ఫైబర్‌లో మధ్యకు చేరేసరికి తగ్గేది 1.2 మిల్లీమోలార్. 5 లోంచి 1.2 పోయినా ఇబ్బంది లేదు. ఎనిమిది ఫైబర్ల కట్ట అయితే వ్యాసార్ధం 100 మైక్రోమీటర్లకు చేరుతుంది. అప్పుడు తగ్గాల్సింది 10 మిల్లీమోలార్లు, బయట ఉన్నదే 5. కాబట్టి మధ్యలో ఏటీపీ సున్నాకు దిగిన గుండం ఒకటి మిగులుతుంది. ఫైబర్ల మధ్య సందుల్లోకి ద్రావణం కొంత చొరబడుతుంది గనక నిజంలో పరిస్థితి ఇంత ఘోరంగా ఉండకపోవచ్చు. అయితే రైగర్ నుంచి వచ్చిన కట్టలో ఫైబర్లు ఒకదానికొకటి అతుక్కుని ఆ సందులు కూడా మూసుకుపోయే అవకాశం ఉంది.

అదే కట్ట మొదటి నుంచీ వదులుగా ఉండి ఉంటే? వదులు తల ఏటీపీని ఖర్చు చేసేది ఇరవై సెకన్లకు ఒకటి. R నలభయ్యో వంతుకు పడిపోతుంది, మధ్యలో తగ్గేది 0.25 మిల్లీమోలార్ మాత్రమే. అదే ద్రావణం, అదే కట్ట. వదులు స్థితిలో ఉన్నది హాయిగా అక్కడే ఉండగలదు, రైగర్ నుంచి వచ్చింది మాత్రం గట్టెక్కలేదు. ఏటీపీ అంచు నుంచి లోపలికి నడుస్తున్నకొద్దీ, ఆ సరిహద్దులోని తలలు రైగర్ పొరుగువాళ్ల వల్ల తెరుచుకుని దాన్ని తినేస్తుంటాయి. మీ బిగువు సగం దిగి ఆగిపోయిందంటే నాకు కనిపించే చిత్రం ఇదే.

దీన్ని ఖాయం చేసుకోవడానికి రెండు పరీక్షలు సరిపోతాయి. మొదటిది, పొడవును 0.1-0.2 శాతం చటుక్కున లాగి చూడండి. చక్రం తిరుగుతున్న తలల వల్ల వచ్చిన బిగువైతే, లాగగానే ఎగిరి మిల్లీసెకన్లలో చాలావరకు దిగివస్తుంది. రైగర్ తలలైతే ఎగిరి అక్కడే నిలబడుతుంది, పైగా బిగువుతో పోలిస్తే బిరుసుతనం చాలా ఎక్కువగా కనిపిస్తుంది. రెండోది బ్లెబిస్టాటిన్. అది తలను M·ADP·Pi దగ్గరే నిలిపి ఫాస్ఫేట్‌ను పోనివ్వదు. కాబట్టి చక్రం తిరుగుతున్న తలల బలం అణగిపోతుంది, రైగర్ తలలను మాత్రం అది ఏమీ చేయలేదు. నీలి కాంతికి పాడవుతుంది గనక సూక్ష్మదర్శిని దీపం తగ్గించి వాడండి. బ్లెబిస్టాటిన్ వేశాక బిగువు దాదాపు సున్నాకు వస్తే, నడుస్తున్న చక్రాలే కారణం. కొంత దిగి కొంత మిగిలితే సరిహద్దులో చక్రాలు, మధ్యలో రైగర్ రెండూ ఉన్నట్టు.

"కాల్షియం అసలు వేయలేదు" అన్నారు. వేయకపోవడం వేరు, లేకపోవడం వేరు. నీటిలోంచి, లవణాల్లోంచి, గాజు సామానులోంచి 10 మైక్రోమోలార్ దాకా కాల్షియం వచ్చి చేరడం మామూలే. కాల్షియాన్ని పట్టేసే ఈజీటీఏ లేకపోతే ఆ కల్తీ ఒక్కటే ఫైబర్‌ను పూర్తిగా లాగించగలదు. 5 మిల్లీమోలార్ ఈజీటీఏ ఉంటే, పీహెచ్ 7.0 దగ్గర దాని వియోగ స్థిరాంకం సుమారు 0.4 మైక్రోమోలార్ కాబట్టి, స్వేచ్ఛా కాల్షియం 0.4 ను 500 తో భాగించినంత, అంటే 0.0008 మైక్రోమోలార్‌కు పడిపోతుంది. మీ ద్రావణంలో ఈజీటీఏ ఎంత ఉందో రాయలేదు, ముందు అది చూడండి. మెగ్నీషియం కూడా. తల వాడుకునేది మెగ్నీషియంతో జతకట్టిన ఏటీపీని. 5 మిల్లీమోలార్ ఏటీపీకి మెగ్నీషియం 2 మాత్రమే వేస్తే అసలు సరుకు 2 కంటే తక్కువే.

సరిచేయడానికి, కుదిరితే కట్ట మానేసి ఒక్క ఫైబర్‌కు మారండి. పైన వేసిన లెక్కలో వ్యాసార్ధం వర్గంలో ఉంది, అంతకంటే లాభసాటి మార్పు ఇంకోటి లేదు. కట్టే కావాలంటే క్రియాటిన్ ఫాస్ఫేట్ 15 మిల్లీమోలార్, దానితో పాటు క్రియాటిన్ కైనేజ్ వేయండి. ఏటీపీ ఖర్చయిన చోటే మళ్లీ తయారవుతుంది, లోపల పేరుకునే ఏడీపీ కూడా పోతుంది. ఈ రెండోది చాలామంది పట్టించుకోరు. ఏడీపీ ఖాళీ తలల కోసం ఏటీపీతో పోటీపడి ఊడటాన్ని ఆలస్యం చేస్తుంది, అందువల్ల ఏటీపీ కొంత చేరినా మధ్యభాగం వదలదు. ద్రావణాన్ని కదుపుతూ ఉండండి, నిశ్చలంగా ఉంటే ఫైబర్ చుట్టూ ఉన్న పొరలోనే ఏటీపీ పలచబడుతుంది. రైగర్ నుంచి వదులుకు మార్చే ఆ మొదటి ద్రావణంలో మాత్రం బ్లెబిస్టాటిన్ గానీ, 20-30 మిల్లీమోలార్ బీడీఎం గానీ కలిపితే సరిహద్దు తలలు ఏటీపీని తినడం తగ్గి అది లోపలికి చేరుతుంది. బీడీఎం కడిగితే సులువుగా పోతుంది కాబట్టి తర్వాత బలం కొలవాలనుకుంటే అదే నయం. గ్లిసరిన్‌లో ఉంచిన ఫైబర్లలో సార్కోప్లాస్మిక్ రెటిక్యులం కొంత మిగిలి కాల్షియం దాచుకుంటుంది. ట్రైటాన్ ఎక్స్-100 ను 1 శాతం కలిపిన రిలాక్సింగ్ ద్రావణంలో నానబెడితే ఆ అనుమానమూ తీరుతుంది.

వదులయ్యాక మీరు కాల్షియం వక్రరేఖ తీస్తారు కాబట్టి, పీహెచ్ గురించి కూడా చెప్పాలి. ఏటీపీ సోడియం లవణం కరిగితే ద్రావణం పులుస్తుంది. ఆ తర్వాత పీహెచ్ మళ్లీ సరిచూడకపోతే ఈజీటీఏ పట్టు సడలుతుంది, ఎందుకంటే అది కాల్షియాన్ని పట్టేటప్పుడు రెండు ప్రోటాన్లను వదలాలి. 7.0 ఉండాల్సింది 6.9 ఉందనుకుందాం. వియోగ స్థిరాంకం 0.4 నుంచి సుమారు 0.63 కు పెరుగుతుంది. మొత్తం ఈజీటీఏ 10 మిల్లీమోలార్, కాల్షియం 7.14 కలిపి 1 మైక్రోమోలార్ స్వేచ్ఛా కాల్షియం వస్తుందనుకున్న ద్రావణంలో ఇప్పుడు 1.58 ఉంటుంది. స్వేచ్ఛా కాల్షియాన్ని పీహెచ్ తరహాలో రుణ లాగరిథంగా చెప్పే పీసీఏ 6.0 అనుకున్నది 5.8 అయింది. సగం బలం పీసీఏ 5.9 దగ్గర వచ్చే ఫైబర్‌లో, హిల్ గుణకం 3 అయితే, 6.0 దగ్గర రావాల్సిన బలం 33 శాతం, 5.8 దగ్గర వచ్చేది 67 శాతం. ఆమ్లత పెరిగితే ఫైబర్‌కే కాల్షియం పట్ల స్పందన కొంత తగ్గుతుంది గనక ఈ తేడా మొత్తం బయటపడదు, అందుకే పొరపాటు కళ్లకు కనబడకుండా మిగిలిపోతుంది. పీహెచ్‌ను ఏటీపీ, క్రియాటిన్ ఫాస్ఫేట్ అన్నీ వేశాక, ప్రయోగం చేసే ఉష్ణోగ్రత దగ్గరే సరిచేయండి. వక్రరేఖకు ముందొకసారి, చివర్న ఒకసారి పీసీఏ 4.5 లో పూర్తి బలం కొలిచి పోల్చండి. రెండింటి మధ్య తగ్గుదల పది పదిహేను శాతం దాటితే ఆ ఫైబర్ కొలతల్ని పక్కన పెట్టేయండి.